శ్రీహరికోట నుంచి తూర్పుకే ఎందుకు? భూమి తిరుగుడు రాకెట్‌కు ఎంత కలిసొస్తుంది?

ప్రశ్న: “రాకెట్లు వదిలే చోట్లన్నీ భూమధ్యరేఖకు దగ్గర్లోనే ఎందుకుంటాయి? శ్రీహరికోట నుంచి తూర్పు వైపే ఎందుకు వదులుతారు? భూమి తిరగడం వల్ల రాకెట్‌కు స్పీడు కలిసొస్తుందంటారు. మరి నేను గెంతితే గెంతిన చోటే పడుతున్నాను కదా! ఇంటర్ చదివే మా అబ్బాయి అడిగితే చెప్పలేకపోయాను.”

ముందు సూటిగా చెప్పేస్తాను. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది. శ్రీహరికోటలో వేదిక మీద కదలకుండా నిలబడ్డ రాకెట్ కూడా, ఇంజన్ వెలగకముందే, భూమితో పాటు సెకనుకు దాదాపు 452 మీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉంటుంది. తూర్పుకు వదిలితే ఆ వేగం ఊరికే కలిసొస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఈ వేగం అన్నిటికన్నా ఎక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గిపోతుంది.

ఇది అందరూ చెప్పే కారణం. ఇంకొకటి ఉంది, టీవీ ప్రసారాల ఉపగ్రహాల విషయంలో దాని ప్రభావమూ చిన్నదేమీ కాదు. ఆ ఉపగ్రహాలు చివరికి చేరాల్సిన కక్ష్య సరిగ్గా భూమధ్యరేఖ మీదే ఉంటుంది. మనం ఆ రేఖకు ఎంత దూరం నుంచి వదిలితే కక్ష్య అంత వాలుగా పడుతుంది. ఆ వాలును తర్వాత ఉపగ్రహం తన ఇంధనంతోనే సరిచేసుకోవాలి. ఈ రెండో సంగతిని చాలామంది వదిలేస్తారు.

ఇరవై ఏళ్లకు పైగా కక్ష్య లెక్కల పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. మీ అబ్బాయికి త్రికోణమితి వచ్చి ఉంటుంది, అదే చాలు.

ముందు గెంతే సంగతి చూద్దాం. మీరు గెంతినప్పుడు కూడా భూమి ఇచ్చిన తూర్పు వేగం మీతోనే ఉంటుంది. నేలకీ, చుట్టూ ఉన్న గాలికీ, మీకూ అదే వేగం. అందుకే గెంతిన చోటే దిగుతారు. రన్నింగ్ బస్సు దిగేవాళ్లను చూడండి. బస్సు పోతున్న వైపే నాలుగు అడుగులు పరుగెడతారు, లేకపోతే బోర్లా పడతారు. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ వేగం తెలియదు, నేల మీద కాలు పెట్టగానే తెలుస్తుంది. రాకెట్‌కు కూడా అంతే. ఉపగ్రహం కిందికి పడిపోకుండా తిరగాలంటే ఉండాల్సిన వేగాన్ని భూమి ఉపరితలాన్ని బట్టి లెక్కపెట్టరు, భూమి కేంద్రాన్ని బట్టి లెక్కపెడతారు. రెండు, మూడు వందల కిలోమీటర్ల ఎత్తులో అది సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లు. కింద నేల ఎటు పోతున్నా కక్ష్యకు అనవసరం. అక్కడికి వచ్చేసరికి మనకు పుట్టుకతో ఉన్న 452 మీటర్లు లెక్కలోకి వస్తాయి.

భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. ఒక పూర్తి చుట్టుకు నక్షత్రాలను బట్టి చూస్తే 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భాగిస్తే భూమధ్యరేఖ దగ్గర సెకనుకు 465 మీటర్లు వస్తుంది. వేరే చోట ఎంతో కావాలంటే ఆ ఊరి అక్షాంశం కొసైన్‌తో గుణించాలి. శ్రీహరికోట 13.7 డిగ్రీల ఉత్తరాన ఉంది, అక్కడ 452. దక్షిణ అమెరికాలో ఫ్రెంచ్ గయానాలోని కూరూ 5.2 డిగ్రీల దగ్గర ఉంది, అక్కడ 463. అమెరికాలోని కేప్ కెనావెరల్ దగ్గర సుమారు 409, కజకిస్తాన్‌లోని బైకనూర్ దగ్గర 324.

ఈ అంకెలను కాసేపు చూడండి. కూరూకీ శ్రీహరికోటకీ మధ్య తేడా 11 మీటర్లే. కొసైన్ గీత సున్నా దగ్గర దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి, వేగం ఒక్కటే చూస్తే భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల్లో ఉన్నా పధ్నాలుగు డిగ్రీల్లో ఉన్నా పెద్ద ఫరక్ పడదు. “కూరూకి మనకంటే స్పీడు ఎక్కువ కలిసొస్తుంది” అనే మాట అందుకే సగం నిజం. వాళ్ల అసలు లాభం వాలులో ఉంది, దాని దగ్గరికి వస్తాను.

452 మీటర్లకు ఇంత హడావిడి ఎందుకు? గాలి రాపిడి, గురుత్వాకర్షణ తినేసేది కూడా కలుపుకుంటే కక్ష్యకు చేరడానికి రాకెట్ మొత్తం సెకనుకు తొమ్మిదిన్నర కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా వేగం పుట్టించాలి. అందులో 452 మీటర్లంటే ఐదు శాతం కూడా లేదు. ఐదు శాతం తగ్గితే ఐదు శాతం బరువు తక్కువ మోస్తుందిలే అనుకుంటారు. అలా జరగదు.

మన ఎల్‌వీఎం3 రాకెట్‌నే తీసుకుందాం. దాని పై దశలో క్రయోజనిక్ ఇంజన్ ఉంటుంది, 28 టన్నుల ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ మోస్తుంది. ఆ ఇంజన్ నుంచి వాయువులు సెకనుకు దాదాపు 4.3 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తాయి. లెక్క తేలిగ్గా ఉండటానికి ఖాళీ దశ బరువు 6 టన్నులు, ఉపగ్రహం 4 టన్నులు అనుకోండి. అంటే ఇంధనం అయిపోయాక మిగిలే బరువు 10 టన్నులు, వెలిగించినప్పటి బరువు 38 టన్నులు. ఈ నిష్పత్తి నుంచి రాకెట్ సూత్రం ప్రకారం ఆ దశ ఇచ్చే వేగం 5.74 కిలోమీటర్లు.

ఇప్పుడు భూమి సాయం లేదనుకుందాం. ఆ 450 మీటర్లూ ఈ దశే ఇవ్వాలి, అంటే 6.19 కిలోమీటర్లు. అదే 28 టన్నుల ఇంధనంతో అంత వేగం రావాలంటే చివర్లో మిగిలే బరువు 8.7 టన్నులకు మించకూడదు. అంటే 1.3 టన్నులు తగ్గించాలి. ఎక్కడ తగ్గిస్తారు? ట్యాంకులు, ఇంజను, పైపులు ఉండాల్సినవి ఉండి తీరాలి. ఆ 6 టన్నుల్లో ఒక్క కిలో కూడా తగ్గదు. కోత మొత్తం ఉపగ్రహం మీదే పడుతుంది. 4 టన్నులది 2.7 టన్నులకు వస్తుంది. పైన బరువు తగ్గితే కింది దశలు కాస్త తేలిగ్గా నెడతాయి కాబట్టి నిజంలో నష్టం దీనికంటే కొంత తక్కువ ఉంటుంది. అయినా వేగంలో ఐదు శాతం లోపు తేడా, మోసే సరుకులో పావు వంతుకు అటూ ఇటూగా తేలుతుంది. రాకెట్‌లో సరుకు అన్నిటికన్నా చివరి వాటాదారు. ముందు అందరి లెక్కలూ తేలాక మిగిలిందే దానికి.

పడమరకు వదిలితే ఆ 452 కలిసి రాకపోవడమే కాదు, ఎదురు కూడా తిరుగుతుంది. ముందు తూర్పు వేగాన్ని సున్నా చేసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి. తూర్పు ప్రయోగంతో పోలిస్తే 900 మీటర్ల తేడా. అయినా ఇజ్రాయెల్ 1988 నుంచీ తన ఒఫెక్ ఉపగ్రహాలను పడమరకే, మధ్యధరా సముద్రం మీదుగా వదులుతోంది. తూర్పున పొరుగు దేశాలు ఉన్నాయి, ఖాళీ అయిన దశలు వాళ్ల నేల మీద పడకూడదు. అంత నష్టం తెలిసి కూడా భరిస్తున్నారు.

ఇక వాలు సంగతి. ఇంట్లో గ్లోబు ఉంటే మీ అబ్బాయిని తీసుకురమ్మనండి, ఒక దారం కూడా. దారాన్ని గ్లోబు చుట్టూ, దాన్ని సరిగ్గా రెండు సగాలు చేసేలా బిగించి పెట్టమనండి. అదే కక్ష్య. ఏ ఉపగ్రహం కక్ష్య తలం అయినా భూమి కేంద్రం గుండా వెళ్లాల్సిందే, ఎందుకంటే లాగుతున్నది ఆ కేంద్రమే. ఇప్పుడు ఆ దారం శ్రీహరికోట మీదుగా పోవాలి, అక్కడ సరిగ్గా తూర్పుకు తిరిగి ఉండాలి. చూస్తే దారం 13.7 డిగ్రీల అక్షాంశం వెంట పోదు. మెల్లగా దక్షిణానికి దిగి, భూమధ్యరేఖను దాటి, అవతల 13.7 డిగ్రీల దక్షిణానికి పోయి, మళ్లీ పైకి వస్తుంది. ఎలా తిప్పినా శ్రీహరికోట గుండా పోతూ అంతకన్నా తక్కువ వాలు ఉన్న దారాన్ని పెట్టలేరు.

కాబట్టి నియమం ఇది: ఎక్కడి నుంచి వదులుతున్నామో ఆ అక్షాంశం కన్నా తక్కువ వాలు ఉన్న కక్ష్యకు నేరుగా పోలేం. తూర్పు నుంచి పక్కకు తిప్పినకొద్దీ వాలు ఇంకా పెరుగుతుంది. సూత్రం చిన్నదే:

```
cos(కక్ష్య వాలు) = cos(అక్షాంశం) × sin(ప్రయోగ దిశ)
```

ప్రయోగ దిశను ఉత్తరం నుంచి తూర్పు వైపుగా డిగ్రీల్లో కొలుస్తారు. తూర్పు అంటే 90, దక్షిణం అంటే 180.

అయితే శ్రీహరికోట నుంచి సరిగ్గా తూర్పుకు కూడా వదలరు. ఆ దారాన్నే చూడండి, ఉత్తర అండమాన్ మీదుగా పోతుంది, తర్వాత మయన్మార్ దక్షిణ భాగం, ఆ తర్వాత థాయ్‌లాండ్. మధ్యలో ఏదైనా తేడా వస్తే ముక్కలు జనం మీద పడతాయి. అందుకని భూస్థిర ఉపగ్రహాల, అంటే భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపించే ఆ టీవీ ఉపగ్రహాల రాకెట్‌ను కొంచెం ఆగ్నేయానికి, దాదాపు 104 డిగ్రీల దిశకు తిప్పుతారు. అటు అండమాన్, నికోబార్ దీవుల మధ్య సముద్రం ఖాళీగా ఉంటుంది. సూత్రంలో వేస్తే వాలు 19.5 వస్తుంది. 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ-డీ5 మోసుకెళ్లిన జీశాట్-14కు అనుకున్న వాలు 19.3 డిగ్రీలు. అంటే భూమి మనకు 13.7 దాకా అవకాశం ఇచ్చినా, కింద ఉన్న మనుషుల కోసం ఇంకో ఆరు డిగ్రీలు మనమే వదులుకున్నాం.

ఈ 19 డిగ్రీలను సున్నా చేయాలి. ఎక్కడ చేస్తారన్నది ముఖ్యం. కింద, 200 కిలోమీటర్ల ఎత్తులో, 7.8 కిలోమీటర్ల వేగంతో పోతుండగా 19 డిగ్రీలు తిప్పాలంటే సెకనుకు 2.6 కిలోమీటర్ల వేగం ఖర్చవుతుంది. ఏ ఉపగ్రహమూ దాన్ని భరించలేదు. వంద స్పీడులో మోటార్ సైకిల్‌ను మలుపు తిప్పడానికీ, ఇరవైలో తిప్పడానికీ తేడా బండి నడిపే ప్రతివాళ్లకూ తెలుసు. అందుకే రాకెట్ ఉపగ్రహాన్ని ముందు ఒక పొడవాటి కోడిగుడ్డు ఆకారపు బదిలీ కక్ష్యలో వదులుతుంది. దాని ఒక కొస 170, 180 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే రెండో కొస 36 వేల కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. పై కొసకు చేరేసరికి ఉపగ్రహం వేగం 1.6 కిలోమీటర్లకు పడిపోతుంది. అక్కడ, అదీ భూమధ్యరేఖను దాటే క్షణాల చుట్టూ, ఉపగ్రహం సొంత ఇంజన్‌ను కొన్ని విడతలుగా వెలిగిస్తారు. మన ఉపగ్రహాలకు ఈ ఆదేశాలు కర్ణాటకలోని హాసన్ నుంచి వెళతాయి. వేగాన్ని భూస్థిర కక్ష్యకు కావాల్సిన 3.07 కిలోమీటర్లకు పెంచడం, వాలును సరిచేయడం రెండూ ఒకే నెట్టుడులో, ఏటవాలుగా చేసేస్తారు. అలా కలిపి చేయడం వల్ల వాలు కోసం అదనంగా పడే ఖర్చు చాలా తగ్గిపోతుంది.

ఎంతకు తగ్గుతుందో చూద్దాం. అసలు వాలే లేకపోతే 1.47 కిలోమీటర్లు చాలు. కూరూ నుంచి వదిలితే వాలు 6 డిగ్రీల దగ్గర ఉంటుంది, 1.49 పడుతుంది. శ్రీహరికోట నుంచి 19 డిగ్రీలకు 1.65. కేప్ కెనావెరల్ నుంచి 28.5 డిగ్రీలకు 1.83. బైకనూర్ 46 డిగ్రీల దగ్గర ఉన్నా సరిగ్గా తూర్పుకు పంపితే చైనా మీదుగా పోవాలి కాబట్టి 51.6 డిగ్రీల వాలుకు పంపుతారు, అక్కడి నుంచి 2.4 దాటుతుంది.

బదిలీ కక్ష్యలో 3,000 కిలోల ఉపగ్రహాన్ని వదిలారనుకోండి. సాధారణ ద్రవ ఇంధన ఇంజనే వాడితే, కూరూ నుంచి వచ్చినది భూస్థిర కక్ష్యకు చేరేసరికి దాదాపు 1,850 కిలోలు మిగులుతుంది. శ్రీహరికోటది 1,760. తేడా 90 కిలోలు. చూడటానికి చిన్నదే. కానీ అలాంటి ఉపగ్రహం సూర్యచంద్రుల ఆకర్షణకు పక్కకు జరగకుండా తన చోట నిలబడటానికి ఏడాదికి 30 కిలోల దాకా ఇంధనం వాడుకుంటుంది. అంటే ఆ 90 కిలోలు మూడేళ్ల ఆయుష్షు. నేను వాలును ఎందుకు ఇంతగా పట్టుకుని చెబుతున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వేగంలో 11 మీటర్ల తేడా ఉన్న రెండు చోట్ల మధ్య వాలు వల్ల 150 మీటర్లకు పైగా తేడా వచ్చింది.

ఈ మొత్తం లెక్కకు కళ్ల ముందున్న సాక్ష్యం సోయుజ్ రాకెట్. దశాబ్దాలపాటు బైకనూర్ నుంచి ఎగిరిన ఆ రష్యన్ రాకెట్‌ను 2011 అక్టోబర్‌లో మొదటిసారి కూరూ నుంచి వదిలారు. భూస్థిర బదిలీ కక్ష్యకు బైకనూర్ నుంచి 1.7 టన్నులు మోసేది, కూరూ నుంచి 3 టన్నుల దాకా మోయగలిగింది. చోటు మార్చినందుకే ఇంత తేడా వచ్చింది.

ఇప్పుడు మీ ప్రశ్నలోనే ఉన్న ఒక పొరపాటు. ప్రయోగ కేంద్రాలన్నీ భూమధ్యరేఖ దగ్గర లేవు, ఉండక్కర్లేదు కూడా. శ్రీహరికోట నుంచి వదిలేవన్నీ తూర్పుకు పోవు. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలకు ధ్రువాల మీదుగా పోతూ, ఒక చోటి మీదికి ఎప్పుడు వచ్చినా ఒకే వేళకు వచ్చే సూర్యానువర్తన కక్ష్య కావాలి. దాని వాలు 98 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే దక్షిణానికి పోతూ కొంచెం పడమరకు ఒరగాలి. అక్కడ భూమి తిరుగుడు సాయం చేయదు, అడ్డు పడుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నకొద్దీ ఆ అడ్డు కూడా ఎక్కువే. రష్యావాళ్ల ప్లెసెట్స్క్ దాదాపు 63 డిగ్రీల ఉత్తరాన ఉంది, ఇలాంటి కక్ష్యలకు దానికి ఏ లోటూ లేదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. పనిలో చేరిన మొదటి ఏడాది మాకు అభ్యాసంగా ఒక సూర్యానువర్తన కక్ష్య ఇచ్చి ప్రయోగ దిశ లెక్కకట్టమన్నారు. పైన ఇచ్చిన సూత్రంలో అంకెలు వేశాను, 188 డిగ్రీలు వచ్చింది, రాసి ఇచ్చాను. మా సీనియర్ ఒకాయన కాగితం చూసి, “ఇది ఎవరు చూసే దిశ? నేల మీద ఉన్నవాడా, నక్షత్రాల్లో ఉన్నవాడా?” అని అడిగారు. నాకు వెంటనే తట్టలేదు. ఆ సూత్రం ఇచ్చేది భూమి తిరుగుడును పక్కనపెట్టి చూసే దిశ. రాకెట్ మాత్రం వేదిక మీది నుంచే 452 మీటర్ల తూర్పు వేగాన్ని మోసుకుపోతుంది. దాన్ని కొట్టెయ్యడానికి నేల నుంచి చూస్తే ఇంకొంచెం పడమరకు, దాదాపు 191.5 డిగ్రీలకు గురి పెట్టాలి. నేను రాసిన 188తో పంపితే వాలు 98కి బదులు 95 దగ్గర పడేది. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ సూర్యానువర్తన కక్ష్య తలం రోజుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున సూర్యుడి వెంట తిరగాలి. వాలు 95 అయితే రోజుకు 0.6 డిగ్రీ దగ్గరే ఆగిపోతుంది. ఉదయం పదిన్నరకు ఫొటో తీయాల్సిన ఉపగ్రహం రెండు నెలలయ్యేసరికి గంటన్నర జరిగిపోతుంది, నీడల పొడవు మారిపోతుంది, పాత ఫొటోతో కొత్తదాన్ని పోల్చడానికి వీలుండదు. అది కాగితం మీది అభ్యాసం కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఏ వేగం చూసినా ముందు “ఎవరి లెక్కన?” అని అడగడం నాకు అలవాటైంది. జూనియర్లకు కూడా ముందు అదే నేర్పించాను. తూర్పు ప్రయోగాల్లో ఈ తప్పు ఒక డిగ్రీ లోపే ఉంటుంది కాబట్టి కనబడకుండా జారిపోతుంది. దక్షిణ ప్రయోగాల్లోనే బయటపడుతుంది.

శ్రీహరికోట నుంచి దక్షిణానికి పోవడంలో ఇంకో చిక్కు శ్రీలంక. నేరుగా దక్షిణానికి వదిలితే ఆ దేశం మీదుగా పోవాలి. అందుకని పీఎస్‌ఎల్‌వీని ముందు ఆగ్నేయానికి, సుమారు 140 డిగ్రీల దిశలో పంపి, సముద్రం మీద కొంత దూరం పోయాక దక్షిణానికి మలుపు తిప్పుతారు. దీన్ని డాగ్‌లెగ్ అంటారు. వేగం పుంజుకున్నాక తిప్పడం ఎంత ఖరీదో పైన చూశాం కదా. పెద్ద రాకెట్ ఆ ఖర్చును భరిస్తుంది, చిన్నది భరించలేదు.

తమిళనాడులో తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రం కడుతున్నది దీనికే. 2024 ఫిబ్రవరి 28న దానికి శంకుస్థాపన జరిగింది. అది 8.4 డిగ్రీల దగ్గర ఉండేసరికి, “భూమధ్యరేఖకు దగ్గరని అక్కడ పెట్టారు” అని చాలాచోట్ల రాస్తున్నారు. చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ అక్కడి నుంచి పోవాల్సింది దక్షిణానికి. ఆ ఊరి నుంచి శ్రీలంక తూర్పుకు ఉండిపోతుంది, దక్షిణాన సముద్రం ఖాళీ, మలుపు అక్కర్లేదు. ఆ చోటు విలువ అది. అక్కడి నుంచి తూర్పుకు వదలాలంటే ఎదురుగా శ్రీలంకే ఉంది.

తుంబా గురించి కూడా ఇలాగే పొరబడతారు. కేరళ తీరంలోని తుంబా నుంచి 1963 నవంబర్ 21న మన దేశపు మొదటి పరిశోధక రాకెట్ ఎగిరింది. దాని కింద నుంచి పోయేది అయస్కాంత భూమధ్యరేఖ. ఆ రేఖ పైన వాతావరణంలో సాగే విద్యుత్ ప్రవాహాన్ని కొలవడానికి ఆ చోటు ఎంచుకున్నారు. ఆ రాకెట్లు పైకి పోయి సముద్రంలో పడేవే కానీ కక్ష్యలోకి వెళ్లేవి కావు, వాటికి భూమి వేగంతో పని లేదు. తర్వాత ఉపగ్రహాలు వదలాల్సి వచ్చినప్పుడు తుంబా ఎనిమిదిన్నర డిగ్రీల దగ్గర, శ్రీహరికోట కన్నా భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నా పనికి రాలేదు. పడమటి తీరం నుంచి తూర్పుకు వదిలితే కింద కేరళ, తమిళనాడు ఊళ్లు. అందుకే తూర్పు తీరంలో, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోటను 1969లో ఎంచుకున్నారు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం కన్నా ముందు, వదలాల్సిన వైపు సముద్రం ఖాళీగా ఉండటం చూస్తారు. కూరూను అందరూ మెచ్చుకునేది రెండూ ఒకేచోట దొరికినందుకు: 5 డిగ్రీల అక్షాంశం, తూర్పున అట్లాంటిక్, ఉత్తరానికి కూడా అదే సముద్రం.

భూమధ్యరేఖ దగ్గర భూమి ఉబ్బెత్తుగా ఉంటుంది, గురుత్వాకర్షణ తక్కువ, అందుకే అక్కడ వదులుతారు అని కూడా కొందరు చెబుతారు. ధ్రువాలకూ అక్కడికీ బరువులో తేడా అర శాతం. అందులోనూ ఎక్కువ భాగం భూమి తిరగడం వల్ల వచ్చేదే. చోటు ఎంచుకోవడానికి అది కారణం కాదు.

మీ అబ్బాయికి ఒక లెక్క ఇస్తాను, చేసి చూడమనండి. 2017 జూన్ 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-19 బదిలీ కక్ష్య వాలు 21.5 డిగ్రీలు. 21.5 కొసైన్‌ను 13.7 కొసైన్‌తో భాగించి, వచ్చినదానికి సైన్ విలోమం కడితే కాలిక్యులేటర్ 73 డిగ్రీలు చూపిస్తుంది. ఆ దిశలో గ్లోబు మీద దారం పెడితే ఈశాన్యంగా పోయి మయన్మార్ డెల్టా ఊళ్ల మీద పడుతుంది. అదే సైన్ విలువ ఉన్న రెండో కోణం కోసం 180 నుంచి 73 తీసేయమనండి. 107 వస్తుంది. రాకెట్ వెళ్లింది ఆ వైపుకే.